బ్రేక్ ఈవెన్ బిందువు, భద్రతా మార్జిన్: పలాస జీడిపప్పు యూనిట్‌పై అభ్యాస ప్రశ్నలు, సాధనలు

ఈ ప్రశ్నలు మేనేజిరియల్ అకౌంటింగ్ చదువుతున్న బి.కాం. విద్యార్థుల కోసం తయారైనవి. అన్నింటికీ ఆధారం ఒకే యూనిట్. అంకెలు లెక్క కోసం ఊహించినవే అయినా, వాటి వరుస పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం నడిచే తీరునే అనుసరిస్తుంది. ప్రతి ప్రశ్ననూ ముందుగా సొంతంగా సాధించి, ఆ తరువాతే కింది సాధన చూడాలి.

మూల సమాచారం: పలాసలోని ఒక చిన్న యూనిట్ ఉద్దానం రైతుల నుంచి 80 కిలోల జీడిపిక్కల బస్తాను రూ.11,000కు కొంటుంది. బస్తాకు 22 కిలోల పప్పు దిగుతుంది కాబట్టి కిలో పప్పుకు ముడిసరుకు ఖర్చు రూ.500 అవుతుంది. పిక్కలు ఉడికించడానికి, కొట్టడానికి, పొట్టు తీయడానికి కిలోల లెక్కన ఇచ్చే కూలి, ప్యాకింగ్ కలిపి మరో రూ.180. అమ్మకపు ధర కిలో రూ.800. షెడ్డు అద్దె, గుమస్తా జీతం, అప్పుపై వడ్డీ వంటి స్థిర వ్యయాలు నెలకు రూ.4,32,000. నెలసరి అమ్మకాలు 4,800 కిలోలు, యూనిట్ గరిష్ఠ సామర్థ్యం 5,000 కిలోలు.

ప్రశ్న 1. బ్రేక్ ఈవెన్ బిందువును, భద్రతా మార్జిన్‌ను, లాభాన్ని కనుగొనండి.

సాధన: కిలోకు కంట్రిబ్యూషన్ 800 – 680 = రూ.120, పి/వి నిష్పత్తి 15 శాతం. బ్రేక్ ఈవెన్ 4,32,000 ÷ 120 = 3,600 కిలోలు, అంటే రూ.28,80,000 అమ్మకాలు. భద్రతా మార్జిన్ 1,200 కిలోలు, అంటే రూ.9,60,000 లేదా 25 శాతం. లాభం 1,200 × 120 = రూ.1,44,000.

ప్రశ్న 2. (అ) ధర 5 శాతం తగ్గితే, (ఆ) 5 శాతం పెరిగితే బ్రేక్ ఈవెన్ ఎంత? రెండు సందర్భాల్లోనూ పాత లాభమే రావాలంటే ఎన్ని కిలోలు అమ్మాలి? (ఇ) ధర మారకుండా బస్తా ధర రూ.880 పెరిగితే ఏమవుతుంది?

సాధన: (అ) కొత్త ధర రూ.760. చర వ్యయం మారలేదు కాబట్టి తగ్గిన రూ.40 మొత్తం కంట్రిబ్యూషన్‌లో నుంచే పోతుంది, అది రూ.80కి పడిపోతుంది. బ్రేక్ ఈవెన్ 5,400 కిలోలు. ప్రస్తుత అమ్మకాలు 4,800 కిలోలే కాబట్టి భద్రతా మార్జిన్ 600 కిలోల మేర రుణాత్మకం, నష్టం 600 × 80 = రూ.48,000. పాత లాభం రావాలంటే (4,32,000 + 1,44,000) ÷ 80 = 7,200 కిలోలు అమ్మాలి. చాలామంది ఇక్కడితో జవాబు ముగిస్తారు. కానీ యూనిట్ సామర్థ్యం 5,000 కిలోలే కాబట్టి లాభం సంగతి అటుంచి, ఈ షెడ్డులో ఈ ధరకు బ్రేక్ ఈవెన్ చేరడమే అసాధ్యమని జవాబులో రాయాలి.

(ఆ) ధర రూ.840 అయితే కంట్రిబ్యూషన్ రూ.160, బ్రేక్ ఈవెన్ 2,700 కిలోలు. పాత లాభానికి 3,600 కిలోలు చాలు. అమ్మకాలు 25 శాతం తగ్గినా లాభం తగ్గదు. ధర రూ.40 పెరిగినప్పుడు బ్రేక్ ఈవెన్ 900 కిలోలు తగ్గితే, అదే రూ.40 తగ్గినప్పుడు 1,800 కిలోలు పెరిగింది. స్థిర వ్యయాన్ని భాగించేది కంట్రిబ్యూషన్ కనుక, అది చిన్నదయ్యే కొద్దీ ఒక్కో రూపాయి కోత మరింత ఎక్కువ దెబ్బ తీస్తుంది.

(ఇ) రూ.880ని 22 కిలోలకు పంచితే కిలోకు రూ.40. కంట్రిబ్యూషన్ మళ్లీ రూ.80, బ్రేక్ ఈవెన్ మళ్లీ 5,400 కిలోలే. అయితే అమ్మకాల విలువలో అది (అ)లో రూ.41,04,000, ఇక్కడ రూ.43,20,000. కిలోల్లో ఒకటే కదా అని రూపాయల్లోనూ అదే అంకె వేయకూడదు.

ప్రశ్న 3. యజమాని పిక్కలు కొట్టే యంత్రం పెట్టాలనుకుంటున్నారు. దానివల్ల స్థిర వ్యయాలు నెలకు రూ.1,08,000 పెరుగుతాయి, కూలి కిలోకు రూ.30 తగ్గుతుంది. యంత్రం పెట్టకముందు, పెట్టిన తరువాత స్థితిని పోల్చండి. పిక్కలు దొరక్క అమ్మకాలు 3,000 కిలోలకు పడిపోతే ఏది మేలు? ధర రూ.760 అయితే?

సాధన: కొత్త స్థిర వ్యయం రూ.5,40,000, కంట్రిబ్యూషన్ రూ.150. బ్రేక్ ఈవెన్ 3,600 కిలోలు. భద్రతా మార్జిన్ కూడా పాతదే, 25 శాతం. రెండు అంకెలూ మారలేదు కాబట్టి యంత్రంతో తేడా ఏమీ లేదని రాస్తే ప్రశ్న అర్థం కానట్టే. 4,800 కిలోల వద్ద లాభం రూ.1,44,000 నుంచి రూ.1,80,000కు పెరుగుతుంది. అమ్మకాలు 3,000 కిలోలైతే పాత పద్ధతిలో నష్టం 600 × 120 = రూ.72,000, యంత్రంతో 600 × 150 = రూ.90,000. బ్రేక్ ఈవెన్ ఒకటే అయినా, అది దాటాక లాభమూ, దానికి దిగువన నష్టమూ రెండూ వేగంగా పెరుగుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలను కూల్చివేసిన సంగతి తెలిసిన ప్రాంతంలో, 3,000 కిలోల ఊహ కేవలం పరీక్ష కోసం కల్పించినది అనిపించుకోదు.

ధర రూ.760 అయితే యంత్రంతో కంట్రిబ్యూషన్ రూ.110. బ్రేక్ ఈవెన్ 5,40,000 ÷ 110 = 4,909.09, కిలోల్లో 4,910గా పైకే సవరించాలి, ఎందుకంటే 4,909 కిలోల వద్ద ఇంకా కొద్దిపాటి నష్టం మిగిలి ఉంటుంది. 4,800 కిలోల వద్ద నష్టం రూ.12,000, యంత్రం లేకుంటే అది రూ.48,000 అయ్యేది.

ప్రశ్న 4. యంత్రం ఆలోచన మానుకొని, యజమాని సాదా పప్పుతో పాటు వేయించిన మసాలా పప్పును అమ్మదలచారు. దాని ధర కిలో రూ.1,000, చర వ్యయం రూ.760. వేయించే విభాగం వల్ల మొత్తం స్థిర వ్యయాలు రూ.5,76,000 అవుతాయి. మొత్తం అమ్మకాలు 4,800 కిలోలే. సాదా, మసాలా పప్పుల నిష్పత్తి (అ) 2:1, (ఆ) 3:1 అయినప్పుడు ఫలితాలు తేల్చండి.

సాధన: ముందుగా ఒక హెచ్చరిక. రెండు పి/వి నిష్పత్తులు 15, 24 శాతాల సగటు 19.5 అని తీసుకుంటే బ్రేక్ ఈవెన్ దాదాపు రూ.29,53,846 వస్తుంది, అది తప్పు. సగటును అమ్మకాల నిష్పత్తి ప్రకారమే కట్టాలి.

(అ) మూడు కిలోల కట్టకు కంట్రిబ్యూషన్ 2 × 120 + 240 = రూ.480, కిలోకు సగటున రూ.160. బ్రేక్ ఈవెన్ 3,600 కిలోలు: సాదా 2,400, మసాలా 1,200, విలువ రూ.31,20,000. అసలు అమ్మకాలు రూ.41,60,000 కాబట్టి భద్రతా మార్జిన్ రూ.10,40,000, అంటే 25 శాతం. లాభం రూ.1,92,000.

(ఆ) నాలుగు కిలోలకు రూ.600, సగటున రూ.150. బ్రేక్ ఈవెన్ 3,840 కిలోలు: సాదా 2,880, మసాలా 960, విలువ రూ.32,64,000. అమ్మకాలు రూ.40,80,000, భద్రతా మార్జిన్ రూ.8,16,000, అంటే 20 శాతం. లాభం రూ.1,44,000, అంటే మసాలా పప్పు మొదలుపెట్టక ముందు వచ్చిన లాభమే. లాభం మారకపోయినా భద్రతా మార్జిన్ 25 నుంచి 20 శాతానికి తగ్గింది కాబట్టి, 3:1 వద్ద ఈ విస్తరణ చేయకపోవడమే మెరుగు.

ప్రశ్న 5 (ఇంటి వద్ద సాధించడానికి). నాలుగో ప్రశ్నలోని ఏర్పాటులోనే సాదా పప్పు ధర రూ.760కి పడిపోయి, మసాలా పప్పు ధర మారలేదు. 3:1, 2:1 నిష్పత్తుల్లో బ్రేక్ ఈవెన్‌ను, భద్రతా మార్జిన్‌ను కిలోల్లోనూ, లాభాన్ని రూపాయల్లోనూ కనుగొనండి.

జవాబు: 3:1 అయితే 4,800 కిలోలు, భద్రతా మార్జిన్ సున్న, లాభనష్టాలు లేవు. 2:1 అయితే 4,320 కిలోలు, భద్రతా మార్జిన్ 480 కిలోలు, లాభం రూ.64,000.