అతిథులకు మనవి: గదుల్లో పొగ వద్దు, రాత్రి 10 దాటాక సందడి వద్దు

అరకుకు వచ్చి మా దగ్గర దిగినందుకు సంతోషం. మీకూ పక్క గదివాళ్లకూ ఇబ్బంది లేకుండా ఉండేందుకు రెండు మాటలు చెబుతున్నాం. దయచేసి చదవండి.

గదుల్లో, బాత్‌రూముల్లో, బాల్కనీల్లో సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కా కాల్చకండి. ఇక్కడ గోడలకూ పైకప్పుకూ వాడినదంతా చెక్కే. చలికి కిటికీలు మూసే ఉంటాయి కాబట్టి పొగ బయటికి పోదు, రగ్గుల్లో, పరుపులో, కర్టెన్లలో పట్టేస్తుంది. బాత్‌రూములో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి కాల్చినా ఆ పొగ పై గది కిటికీ దగ్గరే తేలుతుంది. బాల్కనీలో కాల్చినా అంతే, పక్క బాల్కనీలో పసిపిల్లలు ఉండొచ్చు.

కాల్చాలనుకుంటే వెనక జామచెట్టు కింద సిమెంటు బల్ల ఉంది, పక్కనే ఇసుక బకెట్ పెట్టాం. పీకను ఇసుకలో గుచ్చి, పొగ ఆగిందని చూసుకుని కదలండి. జనవరి నుంచి మే దాకా కింద రాలిన ఆకులు బాగా ఎండి ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళ. చలిమంట 9.30కి ఆర్పేస్తాం. బ్లూటూత్ స్పీకర్లు 10కి కట్టేయండి. వరండాలో మాట్లాడుకుంటే మెల్లగా మాట్లాడుకోండి. చెక్క నేల కాబట్టి కుర్చీ లాగిన చప్పుడు కూడా కింది గదికి వినిపిస్తుంది.

వంజంగి మేఘాలు చూడటానికి తెల్లవారుజామున 3 గంటలకే బయల్దేరేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. సామాన్లు రాత్రి 10 లోపే బండిలో సర్దుకోండి. బండిని గేటు వైపు తిప్పి పెట్టుకుంటే వెనక్కి తీసేటప్పుడు వచ్చే బీప్ చప్పుడు ఉండదు. డ్రైవర్‌ను హారన్ కొట్టొద్దనీ, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఎదురుచూడొద్దనీ చెప్పండి. గేటు మా వాచ్‌మన్ తీస్తాడు.

ఇక జరిమానా సంగతి. అది వసూలు చేయాల్సి రాకూడదనే మా కోరిక. గదిలో పొగ తాగితే 1,500 రూపాయలు. రెండు రగ్గులు, కర్టెన్లు ఉతికించి, వాసన పోయేదాకా గదిని ఒక రోజు ఖాళీగా ఉంచాలి. ఆ ఖర్చులో కొంతే ఇది. మీకు చూపించకుండా, రసీదు ఇవ్వకుండా అడ్వాన్స్‌లోంచి ఒక్క రూపాయి కూడా పట్టుకోం. మీరు దిగేసరికే గదిలో వాసన ఉంటే అరగంటలోపు రిసెప్షన్‌కు చెప్పండి, వేరే గది ఇస్తాం.

చప్పుడు విషయంలో మొదట ఫోన్ చేస్తాం, తర్వాత ఒకసారి వచ్చి అడుగుతాం. ఆ తర్వాతా ఆగకపోతే 500 రూపాయలు. ఏడ్చే పిల్లలకూ, ఒంట్లో బాగోలేనివాళ్లకూ ఇది వర్తించదు.

రిసెప్షన్, భోజనాల గది, వరండాల్లో పొగ తాగితే చట్టప్రకారం 200 రూపాయల వరకు జరిమానా ఉంటుందని గమనించగలరు.

పక్క గది చప్పుడుతో నిద్ర పట్టకపోతే మీరు వెళ్లి తలుపు కొట్టకండి. గదిలోని ఫోన్‌లో 9 నొక్కండి, రాత్రంతా మనిషి ఉంటాడు. ఫిర్యాదు చేసింది ఎవరో పక్కవాళ్లకు చెప్పం.

– యాజమాన్యం