గ్రాట్యుటీ చెల్లింపు కోరుతూ దరఖాస్తు

పటాన్‌చెరు,
తేదీ: 26-05-2025

మేనేజరు గారికి,
మానవ వనరుల విభాగం,
పటాన్‌చెరు యూనిట్, సంగారెడ్డి జిల్లా.

విషయం: 30-06-2025న పదవీ విరమణ – 34 సంవత్సరాల సర్వీసుకు గ్రాట్యుటీ రూ. 8,05,800 చెల్లింపు – 12-05-2025 నాటి అంచనా పత్రంలో సవరణల గురించి.

సూచిక: 1. మీ విభాగం 12-05-2025న నాకు ఇచ్చిన తుది లెక్కల అంచనా పత్రం. 2. గ్రాట్యుటీ చెల్లింపు చట్టం, 1972, సెక్షన్లు 2(ఇ), 2(ఎస్), 2ఎ, 4, 7, 13.

అయ్యా,

నేను మెషిన్ షాపులో సీనియర్ ఆపరేటరుగా, టోకెన్ నంబరు 1147తో పనిచేస్తున్నాను. నా పుట్టిన తేదీ 15-06-1967. కంపెనీ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం 58 ఏళ్లు నిండిన నెల చివరి రోజున, అంటే 30-06-2025న పదవీ విరమణ చేస్తున్నాను. విరమణ తేదీ ముందే ఖరారైనందున, నిబంధనలు ఇచ్చిన వీలు మేరకు, ఫారం ‘ఐ’ని ఈ ఉత్తరంతో పాటే సమర్పిస్తున్నాను.

మీ అంచనా పత్రంలో నా గ్రాట్యుటీ రూ. 5,76,000గా చూపారు. చట్టం ప్రకారం నాకు రావలసింది రూ. 8,05,800. తేడా రూ. 2,29,800. ఇది రెండు చోట్ల వచ్చింది: సర్వీసు మొదలైన తేదీ ఒకటి, లెక్కకు తీసుకున్న జీతం మరొకటి. నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చించడం మీ పత్రంలోనూ సరిగానే ఉంది. కాబట్టి ఆ సూత్రం మీద నాకు అభ్యంతరం లేదు.

సర్వీసు ఎప్పటి నుంచి అన్నది

మీ పత్రం నా సర్వీసును 01-12-1993 నుంచి లెక్కించింది. అది నన్ను పర్మనెంట్ చేసిన తేదీ. నేను పనిలో చేరింది 12-11-1991న. అప్పటి నుంచి 30-11-1993 వరకు క్యాజువల్ కార్మికుడిగా ఇదే మెషిన్ షాపులో, ఇదే టోకెన్ నంబరు మీద పనిచేశాను. మధ్యలో ఒక్క రోజు కూడా పని మానిపించి మళ్లీ చేర్చుకున్నది లేదు. పర్మనెంట్ ఉత్తర్వులోనే ‘12-11-1991 నుంచి పనిచేస్తున్న’ అని రాసి ఉంది. దాని నకలు జతచేశాను.

గ్రాట్యుటీ చట్టం పర్మనెంటు, క్యాజువలు అని తేడా చూపదు. అప్రెంటిస్ కాకుండా జీతానికి పనిచేసే ప్రతి మనిషీ సెక్షన్ 2(ఇ) కింద ఉద్యోగే. ఐటీఐ తర్వాత ఇక్కడే అప్రెంటిస్‌గా గడిపిన 1990-91 కాలాన్ని నేను అడగడం లేదు. చట్టం దాన్ని మినహాయించింది కనుక ఆ ఏడాదిని నా లెక్కలో కలపలేదు.

క్యాజువల్ కాలంలో నా హాజరు ఇలా ఉంది. 12-11-1991 నుంచి 11-11-1992 వరకు 271 రోజులు, 12-11-1992 నుంచి 11-11-1993 వరకు 278 రోజులు. సెక్షన్ 2ఎ అడిగే 240 రోజులకు రెండేళ్లూ పైనే ఉన్నాయి. ఈ అంకెలు నా దగ్గరున్న జీతం స్లిప్పుల నుంచి తీసినవి. మీ మస్టర్ రోల్‌తో సరిచూడవచ్చు. పాత మస్టర్లు దొరకని పక్షంలో పీఎఫ్ పాస్‌బుక్ ఉంది. అందులో చేరిన తేదీ 12-11-1991 అనే ఉంది. ఆ నెల నుంచే కంపెనీ తన వాటా కూడా జమచేసింది. పీఎఫ్‌కు ఉద్యోగినైన మనిషి గ్రాట్యుటీకి కాకుండా పోవడం కుదరదు.

104 రోజుల జీతం లేని సెలవు

అంచనా పత్రం అడుగున ‘2016 జీతం లేని సెలవు 104 రోజులు, పరిశీలించాలి’ అని చేతిరాతతో ఉంది. ఇది చిన్న నోట్‌లా కనిపిస్తుంది గానీ, దీనివల్ల ఏకంగా ఒక ఏడాది పోతుంది. నా సర్వీసులో 33 పూర్తి సంవత్సరాల మీద మిగిలేది 7 నెలల 19 రోజులు, అంటే 231 రోజులు. ఆరు నెలలు దాటింది కనుక దాన్ని ఒక పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. ఇందులోంచి 104 రోజులు తీసేస్తే 127 రోజులే మిగులుతాయి. అప్పుడది ఆరు నెలల లోపుకు పడిపోతుంది. రూ. 23,700 తగ్గుతుంది.

అలా తీసేయడానికి వీల్లేదు. 14-03-2016 నుంచి 25-06-2016 వరకు నేను తీసుకున్నది మా అమ్మ వైద్యం కోసం ముందుగా దరఖాస్తు పెట్టి, ప్లాంటు మేనేజరు గారి సంతకంతో మంజూరైన సెలవు. సెలవు, అనారోగ్యం, ప్రమాదం, లే-ఆఫ్ వంటి కారణాలతో పనికి అంతరాయం కలిగినా సర్వీసు తెగిపోదని సెక్షన్ 2ఎ(1) చెబుతోంది. చివరికి అనుమతి లేని గైర్హాజరును కూడా, సర్వీసు తెగినట్టు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం ఉత్తర్వు ఇస్తే తప్ప, సర్వీసులోంచి తీయకూడదు. నా విషయంలో అటువంటి ఉత్తర్వు ఏదీ లేదు. జీతం ఇవ్వకపోవడం వేరు, సర్వీసు తెగడం వేరు. 2003లో 09-09 నుంచి 19-10 వరకు నడిచిన 41 రోజుల లాకౌట్‌కూ ఇదే వర్తిస్తుంది. దాన్ని మీ పత్రం ఎలాగూ తగ్గించలేదు.

జీతం ఎంత అన్నది

మీ పత్రం మూల వేతనం రూ. 31,200 ఒక్కటే తీసుకుంది. సెక్షన్ 2(ఎస్) ప్రకారం గ్రాట్యుటీకి జీతం అంటే డీఏ కూడా. ఆ సెక్షన్ మినహాయించినవి బోనస్, కమీషన్, ఇంటి అద్దె అలవెన్సు, ఓవర్‌టైమ్, ఇతర అలవెన్సులు. అందుకే నా స్లిప్పులో ఉన్న ఇంటి అద్దె అలవెన్సు రూ. 6,240, రవాణా అలవెన్సు రూ. 1,600, షిఫ్టు అలవెన్సు ఈ లెక్కలోకి తేలేదు. డీఏ పేరులోనూ అలవెన్సు అన్న మాట ఉంది కదా అని దాన్ని కూడా వాటితో కలిపి పక్కన పెట్టి ఉంటారని అనుకుంటున్నాను.

లెక్క

మూల వేతనం: రూ. 31,200
డీఏ: రూ. 9,880
మొత్తం: రూ. 41,080
ఒక రోజుకు: 41,080 ÷ 26 = రూ. 1,580
15 రోజులకు: 1,580 × 15 = రూ. 23,700
సర్వీసు: 12-11-1991 నుంచి 30-06-2025 వరకు 33 సంవత్సరాల 7 నెలల 19 రోజులు, అంటే 34 సంవత్సరాలు
గ్రాట్యుటీ: 23,700 × 34 = రూ. 8,05,800
(అక్షరాలా ఎనిమిది లక్షల అయిదు వేల ఎనిమిది వందల రూపాయలు)

మీ లెక్కతో తేడా ఎక్కడొచ్చిందో పోల్చుకోవడానికి: డీఏ వదిలేయడం వల్ల ఏడాదికి రూ. 5,700 చొప్పున మీరు తీసుకున్న 32 ఏళ్లకు రూ. 1,82,400. రెండేళ్లు తగ్గించడం వల్ల 23,700 × 2 = రూ. 47,400. రెండూ కలిపి రూ. 2,29,800.

ఇది ఏప్రిల్ జీతం స్లిప్పు మీద వేసిన లెక్క. జూన్ జీతంలో మూల వేతనం గానీ డీఏ గానీ మారితే, చివరిగా తీసుకున్న జీతమే ప్రమాణం కనుక, ఆ అంకెతో మళ్లీ వేయగలరు. మొత్తం రూ. 20 లక్షల గరిష్ఠ పరిమితికి లోబడే ఉంది. అంతవరకు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(10) కింద మినహాయింపు ఉన్నందున ఇందులోంచి టీడీఎస్ కోయవద్దని కూడా అకౌంట్స్ విభాగానికి తెలపగలరు.

సొసైటీ అప్పు

ఉద్యోగుల సహకార పరపతి సంఘానికి నేను కట్టవలసిన రూ. 38,000ను గ్రాట్యుటీలో సర్దుతామని పత్రంలో ఉంది. దీనికి నా సమ్మతి లేదు. గ్రాట్యుటీని కోర్టు జప్తు కూడా ముట్టకుండా సెక్షన్ 13 కాపాడుతోంది. కోత గురించి సెక్షన్ 4(6)లో చెప్పిన సందర్భాలు నష్టం కలిగించడం, దుష్ప్రవర్తన వంటి కారణాలతో ఉద్యోగం నుంచి తొలగించినప్పటివి. అప్పు ఎగ్గొట్టే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. ఆ మొత్తాన్ని సెలవుల నగదులోంచి మినహాయించుకోవడానికి విడిగా సమ్మతి పత్రం రాసి జతచేశాను.

నేను కోరుతున్నది

అంచనా పత్రాన్ని పై విధంగా సవరించి, ఫారం ‘ఐ’ అందిన 15 రోజుల లోపు ఫారం ‘ఎల్’లో మొత్తాన్ని, చెల్లింపు తేదీని తెలపగలరు. ఏ అంశమైనా ఒప్పుకోలేకపోతే కారణాలతో ఫారం ‘ఎం’ ఇప్పించండి. నోటిమాటగా ‘చూస్తాం’ అంటే నాకు గానీ మీకు గానీ రికార్డు మిగలదు.

మన గ్రాట్యుటీ నిధి ఎల్‌ఐసీ గ్రూప్ పథకంలో ఉంది కాబట్టి ఇంకొక మనవి. అక్కడి సభ్యుల జాబితాలో కూడా నా చేరిక తేదీ 01-12-1993గానే నమోదై ఉండవచ్చు. దాన్ని సరిదిద్దకుండా క్లెయిమ్ పంపితే వాళ్లు పాత తేదీ మీదే లెక్క కట్టి పంపుతారు. జూన్ మొదటి వారంలోనే సవరణ పంపితే ఆ చిక్కు రాదు. అక్కడి నుంచి తక్కువ వచ్చినా, ఆలస్యంగా వచ్చినా పూర్తి మొత్తం చెల్లించవలసిన బాధ్యత కంపెనీదే.

సెక్షన్ 7(3) ప్రకారం విరమణ తేదీ నుంచి 30 రోజుల్లో, అంటే 30-07-2025 లోపు మొత్తం నా జీతం జమయ్యే బ్యాంకు ఖాతాలోనే వేయించగలరు. గడువు దాటితే సెక్షన్ 7(3ఎ) కింద ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ చెల్లించవలసి వస్తుంది. ఈ మొత్తం మీద అది రోజుకు సుమారు రూ. 221. సర్వీసు, జీతం మీద మన మధ్య అభిప్రాయభేదం తేలకపోయినా, మీరు ఒప్పుకున్న రూ. 5,76,000ను ఆపకుండా గడువులోగా చెల్లించి, మిగతాది విడిగా తేల్చవచ్చు. కార్మిక శాఖలో నియంత్రణాధికారి ముందు ఫారం ‘ఎన్’ వేసే హక్కు నాకుంది. అంత దూరం వెళ్లే పని మీరు పడనివ్వరనే నమ్మకంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మస్టర్లు, పాత ఫైళ్లు వెతకడంలో నేను అవసరమైతే విరమణ వరకు ఏ రోజైనా మొదటి షిఫ్టు ముగిశాక, మధ్యాహ్నం రెండు తర్వాత మీ విభాగానికి రాగలను.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)
ఎం. రామచంద్రయ్య
సీనియర్ ఆపరేటరు, మెషిన్ షాపు
టోకెన్ నంబరు 1147

జతపరచినవి:
1. ఫారం ‘ఐ’, రెండు ప్రతులు
2. పర్మనెంట్ ఉత్తర్వు నకలు, 01-12-1993
3. 1991 నవంబరు నుంచి 1993 నవంబరు వరకు జీతం స్లిప్పుల నకళ్లు
4. పీఎఫ్ పాస్‌బుక్ నకలు
5. 2016 సెలవు దరఖాస్తు, మంజూరు నకలు
6. 2025 ఏప్రిల్ జీతం స్లిప్పు
7. సొసైటీ అప్పుపై సమ్మతి పత్రం

ప్రతి: అకౌంట్స్ విభాగం, కార్మిక సంఘం కార్యదర్శి.

(ఈ దరఖాస్తు రెండో ప్రతి మీద తేదీ, ముద్రతో అందినట్టు సంతకం చేసి ఇప్పించగలరు.)