ఫైర్ రైజర్ ఫ్లషింగ్, ప్రెషర్ టెస్ట్: పని విధానం

సైట్: భీమవరం, స్టిల్ట్ + 13 అంతస్తుల అపార్ట్‌మెంట్, ఎ బ్లాక్
పని రోజులు: జూన్ మూడో వారం, మంగళ, బుధ, గురువారాలు
రాసింది: ఎంఈపీ సైట్ ఇంజనీర్
చదవాల్సినవాళ్లు: ఫిట్టర్ మేస్త్రి, పంప్ ఆపరేటర్, సేఫ్టీ ఇన్‌ఛార్జి, సెక్యూరిటీ సూపర్‌వైజర్. హెల్పర్లకు సోమవారం సాయంత్రం మేస్త్రి చదివి వినిపించాలి.

ఏ లైన్లు, ఎంతవరకు

లిఫ్ట్ పక్క మెట్ల దగ్గరున్న రైజర్‌ను ఆర్-1 అని, తూర్పు మెట్ల దగ్గరున్నదాన్ని ఆర్-2 అని పిలుద్దాం. రెండూ 150 ఎంఎం ఎంఎస్ హెవీ క్లాస్ పైపులే. టెర్రస్ మీద 150 లూప్‌తోనూ, కింద పంప్ రూమ్ హెడర్‌తోనూ కలుస్తాయి. ఒక్కోదానికి స్టిల్ట్‌లో ఒకటి, అంతస్తుకొకటి, టెర్రస్‌లో ఒకటి చొప్పున 15 ల్యాండింగ్ వాల్వులు వస్తాయి. పంప్ రూమ్ నేల నుంచి టెర్రస్ వాల్వు వరకు ఎత్తు 45 మీటర్లు. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి కాబట్టి బేస్‌మెంట్ లేదు, పంప్ రూమ్ స్టిల్ట్‌లోనే ఉంది. లెక్కలన్నీ ఆ నేల నుంచే.

స్ప్రింక్లర్ ట్యాపింగులు ఈ టెస్టులోకి రావు. వాటికి బ్లైండ్ ఫ్లాంజ్ పడుతుంది. ఎన్‌బీసీ 2016, ఐఎస్ 3844, కాంట్రాక్టు స్పెసిఫికేషన్ మూడూ సైట్ ఆఫీసులో ఉన్నాయి. అనుమానం వస్తే వచ్చి చూసుకోండి, ఫోన్‌లో అడిగి నోటి మాట మీద పని చేయొద్దు.

కింద "కిలోలు" అని ఉన్నచోటల్లా చదరపు సెంటీమీటరుకు కిలోలు అని అర్థం.

నీళ్లు

సైట్ బోరు నీళ్లు ఒక్క బకెట్ కూడా రైజర్‌లోకి వెళ్లకూడదు. చుట్టూ రొయ్యల చెరువులు, కింద ఉప్పునీళ్లు. రుచి చూస్తేనే తెలుస్తుంది. వెట్ రైజర్‌లో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచే ఉంటాయి. ఆ ఉప్పు వెల్డు అతుకుల దగ్గర లోపలి నుంచి తినేస్తుంది, పైపు చిల్లు పడేదాకా ఎవరికీ తెలియదు.

కాలువ నీళ్లు వాడదాం. అయితే కాలువలు మూసి తెరిచిన తొలి రోజుల నీళ్లు ఎర్రగా బురదతో వస్తాయి. అందుకే ఫైర్ సంపును మునిసిపల్ ఫిల్టర్ నీళ్లతో ఆదివారానికే నింపి రెండు రోజులు తేరనివ్వాలి. మంగళవారం ఉదయం గాజు గ్లాసులో పట్టి చూసి, అడుగున మట్టి పేరుకుంటే పని వాయిదా వేస్తాం.

ఫ్లషింగ్ అయిన నీళ్లను వీధి డ్రెయిన్‌లోకి నేరుగా వదలొద్దు. పంపు నిమిషానికి 2280 లీటర్లు తోస్తుంది. ఆ డ్రెయిన్ వానాకాలంలో వాననీళ్లనే మోయలేదు, పక్కింటివాళ్ల వాకిట్లోకి పొంగిందంటే మనకు గొడవ. ఇంకా వాడకంలోకి రాని ఎస్‌టీపీ ట్యాంకులు రెండూ కలిపి 60,000 లీటర్లు పడతాయి, అందులోకి వదులుదాం. రాత్రంతా తేరాక చిన్న పంపుతో మెల్లగా డ్రెయిన్‌లోకి తోడుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు

ల్యాండింగ్ వాల్వులు ఇంకా బిగించలేదు, ఆ 80 ఎంఎం స్టబ్బులకు బ్లైండ్ ఫ్లాంజులే ఉండాలి. ఒక్కో బ్లైండ్‌కు ఎనిమిది బోల్టులూ పడాలి. "టెస్టుకే కదా, నాలుగు చాలు" అనే మాట నాకు వినబడొద్దు. 15 కిలోల దగ్గర 80 బ్లైండ్ మీద పడే తోపుడు దాదాపు 770 కిలోలు. 150 బ్లైండ్ మీద దాదాపు 2,800 కిలోలు, అంటే రెండు కార్లు దాని మీద నిలబడ్డట్టు. అందుకే ప్రెషర్ ఉన్నంతసేపు బ్లైండ్ ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. చూడాల్సి వస్తే పక్క నుంచి, టార్చితో.

రైజర్ అడుగున ఉన్న డక్‌ఫుట్ బెండ్ సపోర్టును మేస్త్రి స్వయంగా చూడాలి. నిండిన రైజర్ ఒక్కోటి పైపు, నీళ్లు కలిపి దాదాపు 1,800 కిలోలు తూగుతుంది. ప్రతి అంతస్తులో షాఫ్ట్ క్లాంపులు బిగిసి ఉన్నాయా, స్లాబ్ రంధ్రాల్లో పైపు కాంక్రీటుకు ఒరుసుకుంటోందా అనేది చేత్తో తడిమి చూసి రిజిస్టర్‌లో అంతస్తు నెంబరుతో రాయాలి. వెల్డు అతుకులకు పెయింట్ వేసి ఉంటే గీకేయాలి. సన్నటి చిల్లును పెయింట్ పొర రెండు గంటలు కూడా ఆపగలదు.

వేరే సైట్‌లో నేను పనిచేస్తున్నప్పుడు తొమ్మిదో అంతస్తులో ఒక స్టబ్ బ్లైండ్‌ను వడ్రంగులు దారికి అడ్డమని విప్పి పక్కన పెట్టారు. మాకు చెప్పలేదు, మేమూ ఆ ఉదయం మళ్లీ తిరిగి చూడలేదు. నింపడం మొదలెట్టిన కాసేపటికి కొత్త కప్‌బోర్డులు రెండు ఫ్లాట్లలో నానిపోయాయి. తప్పు వడ్రంగులది సగం, మాది సగం. కాబట్టి ఇక్కడ నీళ్లు వదిలే అరగంట ముందు ఇద్దరు మనుషులు పై నుంచి కిందికి ప్రతి స్టబ్బూ చూసుకుంటూ దిగాలి. 30 బ్లైండ్లకూ ఫోటో తీసి గ్రూపులో పెట్టాకే పంపు ఆన్.

మెయిన్ పంపు, జాకీ పంపు రెండూ ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చి ప్యానెల్‌కు తాళం వేయాలి. తాళంచెవి ఆపరేటర్ జేబులో ఉండాలి. పని అయ్యేదాకా బిల్డింగ్‌కు హైడ్రెంట్ ఉండదు, కనుక మూడు రోజులూ ఏ అంతస్తులోనూ వెల్డింగు, గ్యాస్ కటింగు చేయకూడదు. సెక్యూరిటీ వాళ్లు గంటకోసారి అంతస్తులు తిరగాలి.

ఫ్లషింగ్: మంగళవారం

కింది నుంచి తోసి టెర్రస్ మీద వదిలేయడం చాలాచోట్ల అలవాటు. అలా చేస్తే మట్టి, తుప్పు పొడి వస్తాయి గానీ అసలు శత్రువు రాదు. 2280 లీటర్ల దగ్గర ఈ పైపులో నీటి వేగం సెకనుకు 2 మీటర్లు. కటింగులో పడిన గోలీ సైజు ఇనుప ముక్క అదే వేగంతో కిందికి జారగలదు, అందుకని ఎక్కలేక మధ్యలోనే ఆడుతూ, పంపు ఆపగానే అడుగుకు చేరుతుంది. రేపు నిజంగా మంటలొచ్చిన రోజు అదే పోయి ల్యాండింగ్ వాల్వు సీటులో ఇరుక్కుంటుంది. కాబట్టి ఒక రైజర్‌లో ఎక్కించి, టెర్రస్ లూప్ మీదుగా రెండోదాంట్లో దించుతాం. దిగేటప్పుడు బరువు ముక్కలు నీళ్లతోపాటు వచ్చేస్తాయి. తర్వాత దిక్కు మారుస్తాం.

1. హెడర్‌లో ఆర్-2 వాల్వు మూసి, ఆర్-2 అడుగున 100 ఎంఎం ఔట్‌లెట్ నుంచి ఎస్‌టీపీ ట్యాంకుకు తాత్కాలిక లైను వేయాలి. కొసను గొలుసుతో రెండుచోట్ల కట్టాలి. కొసకు ఇనుప జల్లెడ బుట్ట.
2. ఔట్‌లెట్ తెరిచాకే మెయిన్ పంపు స్టార్ట్. ఆర్-1 వాల్వును మెల్లగా తిప్పుతూ పూర్తిగా తెరవాలి. టెర్రస్ మీద ఎయిర్ రిలీజ్ వాల్వు దగ్గర ఒక మనిషి, వాకీటాకీతో.
3. పది నిమిషాలు ఆపకుండా. నీళ్లు ఈ కొస నుంచి ఆ కొసకు రావడానికి నిమిషం పడుతుంది, అంటే పదిసార్లు మారినట్టు.
4. పంపు ఆపి బుట్ట చూడాలి. దొరికిన ముక్కలన్నీ సంచిలో వేసి రైజర్ నెంబరు రాయండి, పారేయొద్దు.
5. దిక్కు మార్చి ఆర్-2 లో ఎక్కించి ఆర్-1 లో దించాలి. మళ్లీ పది నిమిషాలు.

చివరి రెండు నిమిషాలు కొస దగ్గర తెల్లటి పాత పంచె గుడ్డ అడ్డం పెట్టాలి. గుడ్డ మీద రేణువు కనిపించకుండా, నీళ్లు గ్లాసులో సంపు నీళ్లంత తేటగా ఉంటే పాస్. లేకపోతే ఇంకో పది నిమిషాలు, కానీ ముందు ట్యాంకులో చోటెంతుందో చూసుకోండి. రెండు దిక్కులకు 45,600 లీటర్లు అయిపోతాయి.

ప్రెషర్ టెస్ట్: బుధవారం ఆర్-1, గురువారం ఆర్-2

పంపు షటాఫ్ ప్రెషర్ 10 కిలోలు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే అడుగున గేజ్ దగ్గర 15 కిలోలు, రెండు గంటలు. నిండిన రైజర్‌లో ఎత్తు వల్లే 4.5 కిలోలు ఉంటుంది కాబట్టి, అడుగున 15 ఉన్నప్పుడు టెర్రస్ గేజ్ 10.5 చూపాలి. అలా చూపకపోతే ఒక గేజ్ తప్పు చెబుతున్నట్టు. రెండూ 0–25 డయల్ గేజ్‌లే, క్యాలిబ్రేషన్ ఆరు నెలల్లోపుది. టెస్ట్ పంపుకు 16 దగ్గర వదిలే రిలీఫ్ వాల్వు ఉండాలి. గాలితో టెస్ట్ చేయడం ఈ సైట్‌లో నిషేధం.

ఉదయం 5 గంటలకు మొదలు. మృగశిర వచ్చింది కదా, ఎండ తగ్గిందనుకోవద్దు. గాలి లేకుండా నిండిన పైపులో నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే ప్రెషర్ 4 కిలోల వరకు ఎగబాకగలదు. టెర్రస్ మీది పైపుకు తడి గోనెసంచులు చుట్టండి. పైపు ఉపరితల ఉష్ణోగ్రతను అరగంటకోసారి గేజ్ రీడింగులతోపాటు రాయాలి.

హెడర్ వాల్వు, టెర్రస్ లూప్ వాల్వు మూసి వాటి ముఖాల దగ్గర స్పేడ్‌లు వేయాలి. వాల్వు సీటును నమ్ముకుని టెస్టు పెట్టొద్దు. అడుగు నుంచి మెల్లగా నింపుతూ పైన వెంట్ తెరిచి ఉంచాలి. తుపుక్ తుపుక్ మని గాలి పోయి, ఒకే ధారగా నీళ్లు వచ్చాక ఐదు నిమిషాలు ఆగి అప్పుడు మూయాలి.

గాలి మిగిలిందో లేదో పట్టుకునే లెక్క ఇది: టెస్ట్ పంపు బకెట్‌కు లీటరు గుర్తులు పెట్టండి. రైజర్‌లో దాదాపు 840 లీటర్లు ఉంటాయి, గాలి లేకపోతే 4.5 నుంచి 15 కు ఎక్కించడానికి అర లీటరు చుట్టూ చాలు. మూడు లీటర్లు తాగినా ముల్లు ఎక్కకపోతే ఆపండి, దించండి, మళ్లీ వెంట్ చేయండి. ఒత్తిడిలో ఉన్న గాలి స్ప్రింగు లాంటిది, బ్లైండ్ ఊడితే దాన్ని తుపాకీ గుండులా విసిరేస్తుంది.

8 దగ్గర పది నిమిషాలు, 12 దగ్గర పది నిమిషాలు ఆగి చూస్తూ 15 కు వెళ్లాలి. ఆపిన ప్రతిసారీ ముందు ప్రెషర్ నిలకడగా ఉందని తేలాకే మనుషులు అంతస్తుల్లోకి వెళ్లాలి. 15 చేరాక టెస్ట్ పంపును వాల్వు మూసి విడదీయాలి, లేకపోతే దాని చెక్ వాల్వు లీకును రైజర్ లీకు అనుకుంటాం.

ముల్లు 1 కిలో తగ్గడానికి ఈ రైజర్ నుంచి పోవాల్సింది సగం టీ గ్లాసు నీళ్లు మాత్రమే. అందుకే గేజ్ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పం. ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచి, కాగితం ముక్క ఒత్తి చూడాలి. కాగితం తడిస్తే ఫెయిల్, గేజ్ ఎంత చెప్పినా సరే. అన్ని అతుకులూ పొడిగా ఉండి, రెండు గంటల్లో తగ్గుదల 0.5 లోపు ఉంటే పాస్. అంతకు మించి తగ్గితే, ఉష్ణోగ్రత తగ్గినట్టు రాతలో ఉంటే మరో రెండు గంటలు పొడిగిస్తాం. ఉష్ణోగ్రత కారణం కాకపోతే ఫెయిల్.

ఫ్లాంజ్ కారితే ప్రెషర్ మీద బోల్టు బిగించొద్దు. ముందు సున్నాకు దించాలి. వెల్డు కారితే ఎం-సీల్, సుత్తి పనులు కుదరవు: నీళ్లు దించి, గ్రైండ్ చేసి, మళ్లీ వెల్డు వేసి, మొదటి నుంచి మొత్తం టెస్ట్. ఆ వెల్డింగు కోసం మాత్రం హాట్ వర్క్ పర్మిట్ నేనే ఇస్తాను, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉండాలి.

పాసయ్యాక ప్రెషర్‌ను అడుగు డ్రెయిన్ నుంచి నెమ్మదిగా దించాలి. నీళ్లు ఖాళీ చేసేటప్పుడు పైన వెంట్ ముందు తెరవాలి. క్లయింట్ ఇంజనీర్ బుధ, గురువారాలు 15 చేరే సమయానికి వస్తారు, రీడింగ్ షీటు మీద ఆయన సంతకం అక్కడే తీసుకోవాలి.

తర్వాత

బ్లైండ్లు తీసి ఒక్కో స్టబ్‌ను అర నిమిషం బకెట్‌లోకి వదిలి కడిగాక ల్యాండింగ్ వాల్వు బిగించాలి. వాల్వులతో కలిపి రెండో టెస్ట్ 10 కిలోల దగ్గరే. తయారీదారు సర్టిఫికెట్‌లో సీటు టెస్ట్ 14 అని ఉంది, 15 పెట్టి రబ్బరు నలిపే పని మనకొద్దు. ఆ రోజు స్పేడ్‌లన్నీ తీశారో లేదో తోకలు లెక్కపెట్టండి: నాలుగు వేశాం, నాలుగూ టేబుల్ మీదికి రావాలి. సంపును నింపి, రెండు రైజర్లూ మంచినీళ్లతో నింపి, పంపు ప్యానెల్ తాళం తీసి ఆటోలోకి మార్చాక ఆపరేటర్ నాకు ఫోన్ చేయాలి. నేను టెర్రస్ గేజ్ చూసి వచ్చేదాకా ఆపరేటర్ పంప్ రూమ్‌లోనే ఉండాలి.