ఐసీయూలో చేతుల శుభ్రత: 29 వారాల నాణ్యతా మెరుగుదల ప్రాజెక్టు నివేదిక

కోస్తా జిల్లాలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి, 12 పడకల ఐసీయూ. 2024 జనవరి 1 నుంచి జులై 21 వరకు. ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ కోసం మత్తు వైద్య విభాగం రాసినది.

ఎందుకు మొదలుపెట్టాం

డిసెంబరులో ఒక మధ్యాహ్నం రౌండ్స్‌లో ఉండగా 3వ పడక రోగికి సక్షన్ చేస్తున్న సిస్టర్, 4వ పడక ఇన్‌ఫ్యూజన్ పంప్ అలారం మోగగానే అవే గ్లవ్స్‌తో వెళ్లి లైన్ సరిచేశారు. అది చూస్తూ నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. రౌండ్స్ ముగిశాక చెబితే ఆవిడ విసుక్కోలేదు. ఒక్క మాటే అడిగారు: "సార్, అలారం మోగుతుంటే గుమ్మం దాకా పోయి చేతులు కడుక్కుని రమ్మంటారా?" ఐసీయూలో ఉన్నది ఒకటే సింక్, అదీ గుమ్మం పక్కనే. 4వ పడక నుంచి 14 అడుగులు వేయాలి. మోచేతి కుళాయి లీవర్ విరిగి చాలాకాలమైంది. తుడుచుకోవడానికి అందరికీ కలిపి ఒక్క తువ్వాలు, అదెప్పుడూ తడిగానే ఉంటుంది.

ఆవిడ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ముందు లెక్క తీద్దామనుకున్నాం.

ఎలా కొలిచాం

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అయిదు సందర్భాలనే ప్రమాణంగా తీసుకున్నాం: రోగిని తాకే ముందు, స్టెరైల్‌గా చేయాల్సిన పనికి ముందు, శరీర ద్రవాలు అంటే ప్రమాదం ఉన్న పని తర్వాత, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువులను తాకాక. వీటిలో ఏది ఎదురైనా ఒక అవకాశం. హ్యాండ్‌రబ్ రాసుకున్నా, సబ్బుతో కడుక్కున్నా పాటించినట్టే. చేతులు శుభ్రం చేసుకోకుండా గ్లవ్స్ వేసుకుంటే లోపం కిందే లెక్క. దీని మీద పీజీలు చాలా వాదించారు గానీ మేం మార్చలేదు.

వారానికి 50 అవకాశాలు, ఉదయం 9 నుంచి ఒంటిగంట లోపు. ఇద్దరు స్టాఫ్ నర్సులకు శిక్షణ ఇచ్చి, ముందుగా ఇద్దరూ కలిసి 30 అవకాశాలు చూసి విడివిడిగా గుర్తు పెట్టేలా చేశాం. 27 చోట్ల ఇద్దరి గుర్తులూ కలిశాయి. ఫారంలో ఎవరి పేరూ రాయలేదు, హోదా మాత్రమే.

మొదటి ఆడిట్: 1 నుంచి 10 వారాలు

500 అవకాశాల్లో 179 చోట్ల పాటించారు, అంటే 36 శాతం. నర్సులు 260లో 112, డాక్టర్లు 140లో 42, టెక్నీషియన్లు, వార్డు సిబ్బంది కలిపి 100లో 25. మా డాక్టర్ల అంకె 30 శాతం దగ్గర ఆగడం మమ్మల్ని ఇబ్బంది పెట్టింది, పెట్టాలి కూడా.

సందర్భాల వారీగా చూస్తే అసలు సంగతి బయటపడింది. శరీర ద్రవాల తర్వాత 50లో 36. రోగిని తాకాక 160లో 66. తాకే ముందు మాత్రం 150లో 33, అంటే 22 శాతమే. స్టెరైల్ పనికి ముందు 60లో 24, చుట్టూ ఉన్న వస్తువులను తాకాక 80లో 20. మురికి తగిలిందనుకుంటే మనం ఎలాగూ కడుక్కుంటాం. మన చేతి నుంచి రోగికి పోయేది కంటికి కనబడదు కాబట్టే అది గుర్తుకు రాదు.

40 లోపాల దగ్గర వెంటనే కారణం అడిగాం. హ్యాండ్‌రబ్ బాటిల్ దూరంగా ఉందనో ఖాళీగా ఉందనో 19 మంది, తొందరలో ఉన్నామని 9, గ్లవ్స్ వేసుకున్నాం కదా అని 8, మరిచిపోయామని 4. కడుక్కోవాలని తెలియదన్నవాళ్లు ఒక్కరూ లేరు. జులై చివరికి 60 శాతం దాటాలని లక్ష్యం పెట్టుకున్నాం.

మొదటి మార్పు: క్లాసు, పోస్టర్లు (11-15 వారాలు)

తెలియదని ఎవరూ అననప్పుడు క్లాసు పెట్టడమేమిటని అడగొచ్చు. నిజమే, అలవాటు కొద్దీ పెట్టాం. గంట క్లాసు, గోడలకు ఆరు పోస్టర్లు. వారాల అంకెలు శాతాల్లో 44, 40, 38, 36, 34. అయిదో వారానికి మొదటి 10 వారాల మీడియన్ 36 కిందికే పోయాం.

రెండో మార్పు: పడకకో బాటిల్ (16-23 వారాలు)

అప్పటిదాకా ఐసీయూ మొత్తానికి మూడు బాటిళ్లు, మూడూ నర్సింగ్ స్టేషన్ బల్ల మీదే. ప్రతి పడక కాళ్ల వైపు రాడ్‌కు ఒక హోల్డర్ బిగించి 500 మిల్లీలీటర్ల బాటిల్ పెట్టాం. మొదట తల వైపు బిగిస్తే వెంటిలేటర్ ట్యూబులు అడ్డొచ్చాయి, రెండో రోజే మార్చాం. హ్యాండ్‌రబ్ రాసుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు చాలు, సింక్ దాకా నడవనక్కర్లేదు. అంకెలు 48, 52, 54, 50, 56, 52.

22వ వారంలో స్టోర్‌లో సరుకు అయిపోయింది. ఇండెంట్ పెట్టాం, సంతకం కాలేదు. ఖాళీ బాటిళ్లు పడకలకు వేలాడుతూనే ఉన్నాయి. రెండు వారాలు 44, 40.

మూడో మార్పు: సరుకు అడుగంటకముందే ఇండెంట్ (24-29 వారాలు)

ఐసీయూ అలమరాలో 10 బాటిళ్లకు తగ్గిన రోజే ఇండెంట్ వెళ్లాలన్నది నియమం. అలమరా లోపల ఎర్ర టేపు అంటించాం, దాని కిందికి వరస దిగితే హెడ్ సిస్టర్ ఫోన్ చేస్తారు. ప్రతి షిఫ్ట్ మొదట్లో బాటిళ్లు చూసే పని ఒకరిది, డ్యూటీ చార్టులోనే పేరు రాస్తారు. వారం అంకెను రౌండ్స్ మొదలయ్యే చోట బోర్డు మీద రాశాం. అంకెలు 54, 60, 64, 62, 66, 64.

రన్ చార్ట్ ఏం చెబుతోంది

మొదటి 10 వారాలు: 34, 38, 30, 36, 42, 32, 38, 36, 40, 32. మీడియన్ 36, ఆ గీతను చివరిదాకా పొడిగించాం. వరసగా ఆరు బిందువులు గీతకు ఒకే వైపు పడితే యాదృచ్ఛికం కాదని నియమం. క్లాసు తర్వాత మూడు బిందువులే పైన ఉన్నాయి, ఆ తర్వాత ఒకటి గీత మీద, ఒకటి కింద. అది మార్పు కింద రాదు. 16వ వారం నుంచి మొత్తం 14 బిందువులూ గీత పైనే ఉన్నాయి. సరుకు లేని రెండు వారాలు కూడా పైనే ఉన్నా, ఆ పల్లం చార్టులో ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చివరి ఆరు వారాల మీడియన్ 63. ఆరు బిందువులతో కొత్త గీత గీయడం తొందరపాటే గనక చుక్కల గీతగా వేశాం.

మే 5, ప్రపంచ చేతుల పరిశుభ్రత దినం, 18వ వారం చివర్లో వచ్చింది. కేక్ కోశారు, ఫొటోలు దిగారు. మరుసటి వారం అంకె 50.

హ్యాండ్‌రబ్ వాడకం మొదటి 10 వారాల్లో రోగికి రోజుకు సుమారు 14 మిల్లీలీటర్లు, చివరి ఆరు వారాల్లో 31. పాటింపు కంటే వాడకం ఎక్కువ పెరిగింది. చూడటానికొచ్చే బంధువులూ రాసుకుంటున్నారు. దాన్ని మేం ఆపలేదు.

ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలి

ఆడిట్ చేసే సిస్టర్ ఎవరో అందరికీ తెలుసు. ఆవిడ ఫారం పట్టుకుని వస్తే చేతులు వాటంతటవే బాటిల్ వైపు పోతాయి. అందుకే 28వ వారంలో, కమిటీ అనుమతితో, ఇద్దరు హౌస్ సర్జన్ల చేత గుట్టుగా మరో 50 అవకాశాలు లెక్కపెట్టించాం. సిస్టర్ లెక్క 66 శాతం, గుట్టు లెక్క 52. లక్ష్యం దాటామని చెప్పుకునే ముందు ఈ రెండో అంకెను చూడాలి. మొదటి ఆడిట్‌కు గుట్టు లెక్క లేదు. కాబట్టి అసలు పెరుగుదల ఎంతో ఈ ప్రాజెక్టు తేల్చలేదు, అది మా ప్రణాళికలోని లోపం.

రాత్రి షిఫ్టులు చూడలేదు. ఇన్‌ఫెక్షన్లు తగ్గాయా అన్నదీ ఇందులో లేదు, 12 పడకలకు 29 వారాల్లో ఆ మాట చెప్పలేం. రోగిని తాకే ముందు సందర్భం చివరి ఆరు వారాల్లో 90లో 46, తాకాక 96లో 69. తేడా ఇంకా అలాగే ఉంది.

కమిటీని కోరుతున్నవి

మోచేతి కుళాయి బాగుచేయించాలి, తువ్వాలు తీసేసి పేపర్ టవల్స్ పెట్టించాలి. క్లోస్ట్రిడియం డిఫిసిల్ అనుమానమున్న రోగి దగ్గర హ్యాండ్‌రబ్ సరిపోదు, సబ్బు, నీళ్లే వాడాలి, అందుకైనా సింక్ పనిచేయాలి. ఆగస్టు నుంచి నెలకో వారం గుట్టు ఆడిట్, అందులో రెండు రాత్రి షిఫ్టులు ఉంటాయి. హ్యాండ్‌రబ్ ఇండెంట్‌కు సూపరింటెండెంట్ సంతకం కాకుండా ఆర్‌ఎంఓ సంతకం సరిపోయేలా ఉత్తర్వు ఇప్పించాలి.