ఆర్మూరు పసుపు శుద్ధి యూనిట్ ప్రాజెక్టు నివేదిక – 7వ అధ్యాయం: రిస్కుల విశ్లేషణ

7.1 అంచనాల ప్రాతిపదిక

నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు మండలాలకు చెందిన 612 మంది పసుపు రైతులు సభ్యులుగా ఉన్న మా ఉత్పత్తిదారుల కంపెనీ, ఆవిరితో పసుపు ఉడికించడం, పాలిష్ చేయడం, పొడి పట్టడం కోసం ఈ యూనిట్‌ను ప్రతిపాదిస్తోంది. యంత్రాలకు, కట్టడాలకు రూ.1.75 కోట్లు కావాలి. ఇందులో రూ.1.25 కోట్లు టర్మ్ లోన్‌గా కోరుతున్నాం. నిర్వహణ మూలధనం కింద మరో రూ.50 లక్షల పరిమితి అడుగుతున్నాం. మారటోరియం ముగిశాక ఏటా చెల్లించాల్సిన అసలు, వడ్డీ కలిపి మొదట్లో సుమారు రూ.32 లక్షలు ఉంటాయి. కింది అంచనాలన్నింటికీ ఈ రూ.32 లక్షలే కొలమానం. ఒక సంఘటన వల్ల ఏడాదికి రూ.16 లక్షలకు పైగా నష్టం వచ్చే పక్షంలో, అంటే సగం వాయిదాకు ఎసరు వచ్చే పక్షంలో దాని ప్రభావాన్ని ‘తీవ్రం’ అన్నాం. రూ.5 లక్షల నుంచి రూ.16 లక్షల వరకు అయితే ‘మోస్తరు’, అంతకు తక్కువైతే ‘స్వల్పం’. సంభావ్యత విషయానికొస్తే, రాబోయే మూడు సీజన్లలో కనీసం ఒకసారి ఎదురవుతుందని మేం నిజంగానే అనుకుంటున్నది ‘ఎక్కువ’. అప్పు తీరేలోపు ఒకటి రెండుసార్లు రాగలది ‘మధ్యస్థం’. రాకపోవడానికే అవకాశం ఎక్కువగా ఉన్నా విస్మరించలేనిది ‘తక్కువ’.

ఆహార శుద్ధి సంస్థలకు కేంద్రం ఇచ్చే 35 శాతం సబ్సిడీని గానీ, వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద దక్కే 3 శాతం వడ్డీ రాయితీని గానీ ఈ లెక్కల్లో కలపలేదు. అవి వస్తే భారం తగ్గుతుంది. వాటి మీద ఆధారపడి మాత్రం వాయిదాలు కట్టే ప్రణాళిక వేసుకోలేదు.

7.2 సరుకు రాకపోవడం (సంభావ్యత: ఎక్కువ, ప్రభావం: తీవ్రం)

ఈ ప్రాజెక్టుకు ఉన్న అతి పెద్ద రిస్కు వర్షమో, యంత్రమో కాదు. ధర పెరగడమే. వినడానికి వింతగా ఉన్నా, ఇక్కడి పసుపు మార్కెట్‌ను కొన్నేళ్లుగా చూస్తున్నవారికి ఇది కొత్తేమీ కాదు. 2023 ఆరంభంలో నిజామాబాద్ యార్డులో క్వింటాలు రూ.6 వేల అటూ ఇటూ పలికిన పసుపు, 2024 మార్చిలో రూ.18 వేలు దాటింది. అలాంటి సీజన్లలో వ్యాపారులు నేరుగా కల్లాల దగ్గరికే వచ్చి, పాలిష్ చేయని కొమ్మును కూడా నగదు ఇచ్చి ఎత్తుకుపోతారు. అప్పుడు సభ్యుడు మా యూనిట్ దగ్గర వరుసలో నిలబడాల్సిన అవసరం ఉండదు. ‘సభ్యుల నిబద్ధత’ అనే మాట ప్రాజెక్టు నివేదికల్లో తేలిగ్గా వాడేస్తుంటారు. పెట్టుబడికి వడ్డీ కడుతున్న రైతు మంచి ధర వచ్చిన చోట అమ్ముకోవడం నిబద్ధత లేకపోవడం కాదు. అందుకే నివేదికలో ఎక్కడా నూరు శాతం సరుకు వస్తుందని రాయలేదు.

మూడో ఏడాదికి సామర్థ్య వినియోగం 72 శాతం ఉంటుందన్నది మా మూల అంచనా. ఆ స్థాయిలో నిర్వహణ మిగులు రూ.52 లక్షలు. వినియోగం ఒక్కో శాతం తగ్గినప్పుడల్లా మిగులు సుమారు రూ.1.06 లక్షలు తగ్గుతుంది. ఆ లెక్కన 55 శాతం దగ్గర మిగులు రూ.34 లక్షలకు దిగుతుంది; 53 శాతం దగ్గర వాయిదాకు సరిగ్గా సరిపోతుంది; అంతకన్నా తగ్గితే చేతి నుంచి వేసుకోవాల్సిందే. ధర బాగా పెరిగిన ఏడాదిలో 50 శాతానికి పడిపోవడం అసాధ్యమేమీ కాదు.

దీనికి మూడు ఏర్పాట్లు చేశాం. మొదటిది, ఉడికించడం, పాలిష్ చేయడం కూలి పద్ధతిలోనే సాగుతుంది. సరుకు రైతుదే, మాకు చార్జీ మాత్రమే. కాబట్టి పసుపు మాకు అమ్మకపోయినా యూనిట్‌ను వాడుకోవచ్చు. ఆవిరి యూనిట్‌లో ఉడికిన పసుపు సమంగా ఉడుకుతుంది, త్వరగా ఆరుతుంది, కట్టెలు తక్కువ పడతాయి. రైతు మా దగ్గరికి రావడానికి ఆ లాభమే కారణం కావాలి గాని తీర్మానాలు కాకూడదు. రెండోది, సామర్థ్యంలో నాలుగో వంతు వరకు సభ్యులు కాని రైతులకు కూడా ఇచ్చేందుకు బోర్డు అంగీకరించింది. మూడోది, ఆరు నెలల వాయిదాకు సరిపడా రూ.16 లక్షల నిల్వను మొదటి రెండేళ్ల మిగులు నుంచి విడిగా డిపాజిట్ చేస్తాం. ఈ నిల్వ పూర్తయ్యేవరకు డివిడెండ్ ఉండదు. ఇన్ని చేశాక కూడా ఈ రిస్కు ‘మధ్యస్థం’ స్థాయికి దిగుతుందనే అంటున్నాం, తొలగిపోతుందని అనడం లేదు.

7.3 ధర పడిపోవడం (సంభావ్యత: ఎక్కువ, ప్రభావం: మోస్తరు)

ధర పడిపోతే దెబ్బ పొడి విభాగానికి తగులుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి పోటీ చేసిన నియోజకవర్గం మాది. ధర పడితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది గాని, బోర్డు ఉండటం వేరు, ధరకు హామీ ఉండటం వేరు. ఆ హామీ ఉన్నట్టు మేం లెక్క వేయలేదు.

ఏడాదికి 1,200 క్వింటాళ్ల పొడి తయారీకి కావాల్సిన కొమ్మును సీజన్‌లోనే కొని పెట్టుకోవాలని తొలి ముసాయిదాలో కొందరు డైరెక్టర్లు సూచించారు. అప్పుడు ధర తక్కువగా ఉంటుందన్నది వారి వాదన. అది తరచు నిజమే. కానీ క్వింటాలు రూ.12 వేల చొప్పున 500 క్వింటాళ్లు చేతిలో ఉన్నప్పుడు ధర 20 శాతం పడితే నష్టం రూ.12 లక్షలు. నిల్వను 45 రోజుల అవసరానికి, అంటే 150 క్వింటాళ్లకు పరిమితం చేస్తే అదే పతనంలో నష్టం రూ.3.6 లక్షలు. రెండో దారినే ఎంచుకున్నాం. యార్డులో నిల్వ సరుకు ఏడాది పొడవునా అమ్మకానికి వస్తుంది కాబట్టి నెలనెలా కొనవచ్చు. దీనివల్ల సీజన్‌లో చవకగా దొరికే అవకాశం కొంత వదులుకుంటున్నామన్నది నిజం. అప్పుతో నడిచే యూనిట్‌కు సట్టా లాభం కన్నా నిలకడ ముఖ్యమని భావించాం. ఫ్యూచర్స్ మార్కెట్‌లో హెడ్జింగ్ గురించి ఆలోచించాం. మార్జిన్ మనీ రోజువారీగా సర్దుబాటు చేసే సిబ్బంది, నగదు మా దగ్గర లేవు కాబట్టి ప్రస్తుతానికి ఆ జోలికి వెళ్లడం లేదు. ధర కోసం ఆగాలనుకునే సభ్యులు తమ సరుకును గుర్తింపు పొందిన గిడ్డంగిలో పెట్టి, ఆ రసీదు మీద రుణం తీసుకోవచ్చు. ఆ ధర రిస్కు వారిదే అవుతుంది, కంపెనీ ఖాతాలోకి రాదు.

7.4 నాణ్యత, ఆహార భద్రత (సంభావ్యత: తక్కువ, ప్రభావం: తీవ్రం)

పంపిన సరుకులో ఒక లాట్ తిరస్కరణకు గురైతే పోయేది ఆ లాట్ విలువ మాత్రమే కాదు, ఆ కొనుగోలుదారు కూడా పోతాడు. మెరుపు కోసం పాలిష్ డ్రమ్ములో రంగు కలపడం, అందులో లెడ్ క్రోమేట్ వంటివి ఉండటం పసుపు వ్యాపారాన్ని ఎప్పటినుంచో వెంటాడుతున్న మచ్చ. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పసుపులో సీసం 10 పీపీఎం మించకూడదు. కాబట్టి మా డ్రమ్ముల్లోకి ఏ రంగూ వెళ్లదు, బయటి పాలిష్ సరుకు పొడికి కొనం. సరిగా ఆరని కొమ్ముకు బూజు పడుతుంది గనుక తేమ 10 శాతానికి మించిన సరుకును పొడి విభాగం తీసుకోదు. డైరెక్టర్ల సొంత సరుకైనా ఇదే నిబంధన. ప్రతి లాట్‌కు ఏ గ్రామం, ఏ రైతు, ఏ తేదీ అన్న వివరం నమోదవుతుంది. లాట్ నమూనాలు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్తాయి; అందుకు ఏటా రూ.2.4 లక్షలు బడ్జెట్‌లో పెట్టాం. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు కత్తెర పడేది ఇలాంటి పద్దుల మీదే కాబట్టి, బోర్డు ప్రత్యేక తీర్మానం లేకుండా దీన్ని తగ్గించరాదని నియమం పెట్టుకున్నాం.

7.5 వాతావరణం, తెగుళ్లు (సంభావ్యత: మధ్యస్థం, ప్రభావం: మోస్తరు)

జూన్‌లో నాటితే జనవరి తర్వాత గాని చేతికి రాని పంట ఇది. అన్ని నెలలు నేలలో ఉండే దుంపకు నీరు నిలిస్తే దుంపకుళ్లు సోకుతుంది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి పరిసరాలను ముంచెత్తిన వర్షాల్లాంటివి మా మండలాల మీద పడితే దిగుబడి ఎంతో కొంత తగ్గక తప్పదు. ఎత్తు మడుల మీద నాటడం, విత్తన శుద్ధి, పంట మార్పిడి మీద సభ్యులకు శిక్షణ ఇస్తాం. అయితే సాగు పద్ధతులు ఒక్క ఏడాదిలో మారవు కాబట్టి ఆ శిక్షణ ఫలితాన్ని లెక్కల్లో చూపలేదు. మూడు మండలాల నుంచి సరుకు రావడం వల్ల నష్టం అంతటా ఒకేసారి రాకపోవచ్చన్నది కొంత ఊరట.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో అకాల వర్షానికి కల్లంలో ఆరబోసిన పసుపు తడవడం మాత్రం మేం నేరుగా తగ్గించగలిగింది. అందుకే 6,000 చదరపు అడుగుల కప్పు ఉన్న ఆరబోత షెడ్డును తొలి దశలోనే చేర్చాం. ఖర్చు తగ్గించే ఆలోచనలో దీన్ని రెండో దశకు నెట్టవద్దని బ్యాంకు పరిశీలకులను కోరుతున్నాం.

7.6 యంత్రాలు, అనుమతులు, మనుషులు

బాయిలర్‌కు రిజిస్ట్రేషన్, ఏటా తనిఖీ, అర్హత ఉన్న ఆపరేటర్ తప్పనిసరి. తనిఖీ డిసెంబరు లోపే పూర్తి చేయించాలి. సీజన్ మధ్యలో బాయిలర్ ఆగితే తవ్విన దుంప కుప్పల్లోనే చెడిపోతుంది. విడిభాగాల నిల్వ, సర్వీసు ఒప్పందం, అగ్నిప్రమాద బీమా ఖర్చులు ఇప్పటికే అంచనాలో ఉన్నాయి. వీటి సంభావ్యత మధ్యస్థం, ప్రభావం స్వల్పం.

మనుషుల విషయం ఇంత సులువుగా తేలదు. ఇప్పటి ముఖ్య కార్యనిర్వహణాధికారికి ఉన్న మార్కెట్ పరిచయాల మీదే పొడి అమ్మకాల అంచనా చాలావరకు ఆధారపడి ఉంది. ఆయన వెళ్లిపోతే కనీసం ఒక సీజన్ అమ్మకాలు దెబ్బతింటాయి. సంభావ్యత మధ్యస్థం, ప్రభావం మోస్తరు. కొనుగోలుదారులతో మాట్లాడే ప్రతి సందర్భంలో రెండో వ్యక్తి ఉండాలన్న పద్ధతి మొదలుపెట్టాం, జీతాన్ని మార్కెట్ స్థాయికి పెంచాం. ఇంతకుమించిన రక్షణ మా స్థాయి కంపెనీకి అందుబాటులో లేదు. కొనుగోళ్లలో డైరెక్టర్ల బంధువులకు మొగ్గు చూపే అవకాశాన్ని అరికట్టడానికి, ఆ రోజు యార్డు ధర, మేం చెల్లించిన ధర, అమ్మినవారి పేరు యూనిట్ గోడ మీద రోజూ రాస్తాం.

7.7 ముందస్తు సూచికలు

జనవరి నుంచి ఏప్రిల్ వరకు ప్రతి పక్షం చివర మూడు అంకెలను చూస్తాం: ఆ తేదీ వరకు సామర్థ్య వినియోగం, చేతిలో ఉన్న నిల్వ రోజులు, 60 రోజులు దాటిన బకాయిలు. ఫిబ్రవరి 15 నాటికి వినియోగం 40 శాతం దాటకపోయినా, నిల్వ 45 రోజులు మించినా, పాత బకాయిలు రూ.6 లక్షలు దాటినా బోర్డు 10 రోజుల్లో సమావేశమై దిద్దుబాటు చర్యలు నిర్ణయిస్తుంది. సీజన్ ముగిసే నాటికి వినియోగం 53 శాతం కన్నా తక్కువగా తేలితే, వాయిదా తేదీ వచ్చేదాకా ఆగకుండా మే 15 లోపే బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, పైన చెప్పిన రూ.16 లక్షల నిల్వ నుంచి ఎంత తీయబోతున్నామో, మిగతా మొత్తం ఎక్కడి నుంచి తెస్తామో అదే లేఖలో చెబుతాం.