రాజధానులు, నదులు, సరిహద్దులు, జిల్లాలు: గ్రూప్స్, కానిస్టేబుల్ అభ్యర్థులకు ప్రశ్నలు – జవాబులు

ఈ చాప్టర్‌లో చాలామందికి మార్కులు పోయేది చదవక కాదు, పాత పుస్తకం చదివి. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2016లో తెలంగాణ జిల్లాలు, 2019లో జమ్మూకశ్మీర్ హోదా, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు మారాయి. పేపర్ సెట్ చేసేవాళ్లు సరిగ్గా ఆ మారిన చోటే పట్టుకుంటారు. అందుకే మార్పు జరిగిన విషయమైతే ఎప్పుడు మారిందో కూడా జవాబులోనే రాశాను. అట్లాస్ పక్కన పెట్టుకుని చదవండి.

రాజధానులు

ప్ర: దేశంలో ఇప్పుడు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ఎన్ని?

జ: 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు. 2019 అక్టోబర్ 31న జమ్మూకశ్మీర్ రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విడిపోవడంతో రాష్ట్రాలు 29 నుంచి 28కి తగ్గాయి, కేంద్రపాలిత ప్రాంతాలు 7 నుంచి 9కి పెరిగాయి. 2020 జనవరి 26న దాద్రా నగర్ హవేలీ, దమణ్ దీవ్ ఒక్కటయ్యాయి. అలా 9 కాస్తా 8 అయింది. ఆప్షన్లలో "28, 9" తప్పకుండా ఉంటుంది, జాగ్రత్త.

ప్ర: హైదరాబాద్ ఎప్పటిదాకా ఉమ్మడి రాజధాని?

జ: 2024 జూన్ 2 దాకా. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014లోని 5వ సెక్షన్ పదేళ్లకు మించకుండా అని గడువు పెట్టింది. ఆ తర్వాత అది తెలంగాణకు మాత్రమే రాజధాని.

ప్ర: ఆంధ్రప్రదేశ్ రాజధాని? మూడు రాజధానుల మాట ఏమైంది?

జ: అమరావతి. 2020లో విశాఖ, అమరావతి, కర్నూలు అంటూ చట్టం చేశారు కానీ, 2021 నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలోనే పనిచేస్తోంది. "న్యాయ రాజధాని కర్నూలు" అని ఏ మెటీరియల్‌లోనైనా కనిపిస్తే కొట్టేయండి.

ప్ర: మరి కర్నూలు ఎప్పుడు రాజధాని?

జ: 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి. అప్పట్లో హైకోర్టు గుంటూరులో ఉండేది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజధాని హైదరాబాద్‌కు మారింది. ఆంధ్ర రాష్ట్రం వేరు, ఆంధ్రప్రదేశ్ వేరు. ప్రశ్నను ఒకటికి రెండుసార్లు చదవండి.

ప్ర: పేరున్న పెద్ద నగరం ఒకటి, రాజధాని ఇంకొకటి ఉన్న రాష్ట్రాలు?

జ: గుజరాత్ రాజధాని గాంధీనగర్, అహ్మదాబాద్ కాదు. మధ్యప్రదేశ్‌కు భోపాల్, ఇండోర్ కాదు. నాగాలాండ్‌కు కోహిమా, దిమాపూర్ కాదు. అస్సాం రాజధాని దిస్పూర్. అది గువాహటి నగరంలోని ప్రాంతమే అయినా ఆప్షన్లలో రెండూ ఇస్తే దిస్పూరే పెట్టాలి.

ప్ర: సీజన్‌ను బట్టి రెండు రాజధానులు చెప్పుకునే రాష్ట్రాలు?

జ: మహారాష్ట్రకు ముంబై, శీతాకాలంలో నాగపూర్. హిమాచల్‌కు సిమ్లా, శీతాకాల రాజధానిగా ధర్మశాల. ఉత్తరాఖండ్ దగ్గర తికమక పడతారు. అక్కడ డెహ్రాడూన్ శీతాకాల రాజధాని, 2020లో వేసవి రాజధానిగా ప్రకటించింది గైర్సైణ్‌ను.

ప్ర: అండమాన్ నికోబార్ రాజధాని?

జ: శ్రీ విజయపురం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబర్‌లో కేంద్రం పెట్టిన కొత్త పేరు.

నదులు

ప్ర: గోదావరి ఎక్కడ పుట్టి, తెలంగాణలోకి ఎక్కడ అడుగుపెడుతుంది?

జ: మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వర్ దగ్గర పుడుతుంది. పొడవు 1,465 కిలోమీటర్లు. నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. మంజీర, హరిద్ర నదులు అక్కడే కలుస్తాయి కాబట్టి కందకుర్తిని త్రివేణి సంగమం అంటారు. "బాసర" అని పెట్టి మార్కు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. బాసర నది దారిలో ఆ తర్వాత వచ్చేది.

ప్ర: ప్రాణహిత ఏయే నదుల కలయిక? గోదావరిలో ఎక్కడ కలుస్తుంది?

జ: వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. పెన్‌గంగ అంతకుముందే వార్ధాలో కలిసిపోతుంది. ప్రాణహిత గోదావరిలో కలిసేది కాళేశ్వరం దగ్గర.

ప్ర: శబరి గోదావరిలో కలిసే కూనవరం ఏ రాష్ట్రంలో ఉంది?

జ: ఆంధ్రప్రదేశ్‌లో. పాత పుస్తకాల్లో ఖమ్మం జిల్లా అని ఉంటుంది, అప్పటికి అది సరైనదే. పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం నుంచి ఏపీకి బదిలీ చేసిన మండలాల్లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఉన్నాయి. భద్రాచలం మండలం కూడా వెళ్లింది కానీ, రాముడి గుడి ఉన్న పట్టణం మాత్రం తెలంగాణలోనే మిగిలింది. ఈ ఒక్క మార్పు మీద నది ప్రశ్న అడగొచ్చు, సరిహద్దు ప్రశ్న అడగొచ్చు, జిల్లా ప్రశ్నా అడగొచ్చు. నా దృష్టిలో ఈ సెట్ మొత్తానికి గట్టి ప్రశ్న ఇదే.

ప్ర: ధవళేశ్వరం దిగువన గోదావరి ముఖ్య పాయలు?

జ: గౌతమి, వశిష్ట. గౌతమి ఒడ్డునే యానాం ఉంది.

ప్ర: కృష్ణా నది ప్రవహించే రాష్ట్రాలు?

జ: మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఇదే వరసలో. పుట్టేది మహాబలేశ్వర్, పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు, సముద్రంలో కలిసేది హంసలదీవి దగ్గర. తుంగభద్ర, భీమ, మూసీ దీని ఉపనదులు. మూసీ వికారాబాద్ జిల్లా అనంతగిరి కొండల్లో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ప్ర: పెన్నా జన్మస్థానం?

జ: కర్ణాటకలోని నంది కొండలు. పెన్నా అనగానే నెల్లూరు గుర్తొస్తుంది, అందుకే ఆంధ్రలోనే పుట్టిందనుకుంటారు.

ప్ర: పడమరకు ప్రవహించే పెద్ద నదులు?

జ: నర్మద, తపతి. నర్మద అమర్‌కంటక్‌లో, తపతి బేతుల్ జిల్లా ముల్తాయిలో పుడతాయి. రెండూ మధ్యప్రదేశ్‌లోనివే. అదే అమర్‌కంటక్‌లో పుట్టిన సోన్ మాత్రం ఉత్తరానికి వెళ్లి గంగలో కలుస్తుంది.

ప్ర: గంగ ఏయే రాష్ట్రాల మీదుగా పోతుంది?

జ: ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్, బిహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్. జార్ఖండ్‌ను చాలామంది మరిచిపోతారు. సాహిబ్‌గంజ్ జిల్లాను తాకుతూ వెళ్తుంది.

సరిహద్దులు

ప్ర: తెలంగాణకు సరిహద్దు రాష్ట్రాలు ఎన్ని?

జ: నాలుగు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. ఒడిశా లేదు. ఏపీకి వెళ్లిన ఆ మండలాలు ఎక్కడున్నాయో మ్యాప్‌లో ఒక్కసారి చూస్తే మళ్లీ డౌట్ రాదు.

ప్ర: ఆంధ్రప్రదేశ్‌కు?

జ: ఐదు. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, తమిళనాడు, కర్ణాటక. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న మహారాష్ట్ర సరిహద్దు విభజనతో పోయింది. ప్రశ్నలో "కేంద్రపాలిత ప్రాంతాలతో కలిపి" అని ఉంటే పుదుచ్చేరిని కూడా లెక్కపెట్టాలి, యానాం వల్ల.

ప్ర: ఎక్కువ రాష్ట్రాలతో సరిహద్దు ఉన్న రాష్ట్రం?

జ: ఉత్తరప్రదేశ్. ఉత్తరాఖండ్, హిమాచల్, హర్యానా, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, బిహార్ అని ఎనిమిది రాష్ట్రాలు, అదనంగా ఢిల్లీ. 8, 9 రెండూ ఆప్షన్లలో ఉంటే ప్రశ్నలో "రాష్ట్రాలు" అన్నారా, ఢిల్లీని కలిపారా చూసుకోండి. రెండో స్థానం అస్సాం, ఛత్తీస్‌గఢ్‌లది, చెరి ఏడు.

ప్ర: ఒకే ఒక్క రాష్ట్రంతో సరిహద్దు ఉన్నవి?

జ: సిక్కిం (పశ్చిమ బెంగాల్‌తో), మేఘాలయ (అస్సాంతో).

ప్ర: సముద్రం కానీ, అంతర్జాతీయ సరిహద్దు కానీ లేని రాష్ట్రాలు?

జ: తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, జార్ఖండ్, హర్యానా. బిహార్‌ను కలపకండి, దానికి నేపాల్ సరిహద్దు ఉంది.

ప్ర: బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఉన్న రాష్ట్రాలు?

జ: పశ్చిమ బెంగాల్, అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం. అన్నిటికన్నా పొడవైనది బెంగాల్‌ది. మణిపూర్‌కు ఉన్నది మయన్మార్‌తో.

జిల్లాలు

ప్ర: తెలంగాణ జిల్లాలు 10 నుంచి 33 ఎలా అయ్యాయి?

జ: రెండు విడతల్లో. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, 21 కొత్త జిల్లాలు వచ్చి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి నుంచి ములుగు, మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట విడదీశారు. విస్తీర్ణంలో పెద్దది భద్రాద్రి కొత్తగూడెం, చిన్నది హైదరాబాద్.

ప్ర: ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జరిగిన మార్పు?

జ: 13 జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గాన్ని ప్రాతిపదికగా తీసుకున్నారు. 25 సీట్లకు 26 జిల్లాలు ఎందుకంటే, అరకు నియోజకవర్గం బాగా పెద్దది కావడంతో దాన్ని అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం అని రెండు చేశారు. ఆ తర్వాతి సవరణల కోసం మీ పరీక్ష నోటిఫికేషన్ తేదీ నాటికి అమల్లో ఉన్న గెజిట్ చూసుకోండి.

ప్ర: ఆ విభజనతో జిల్లా కేంద్రాలు ఎక్కడెక్కడ మారాయి?

జ: తూర్పు గోదావరి కేంద్రం కాకినాడ నుంచి రాజమహేంద్రవరానికి మారింది, కాకినాడ సొంతంగా జిల్లా అయింది. పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది, ఏలూరు కూడా జిల్లా అయింది. కృష్ణా జిల్లా కేంద్రం మాత్రం మచిలీపట్నమే. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రం. శ్రీశైలం కర్నూలు జిల్లా నుంచి నంద్యాలకు వెళ్లింది.

ప్ర: జిల్లాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం?

జ: ఉత్తరప్రదేశ్, 75. 2024 డిసెంబర్‌లో ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళా ప్రాంతాన్ని జిల్లాగా ప్రకటించారు కానీ, అది మేళా కోసం తాత్కాలికంగా చేసిన ఏర్పాటు.

ప్ర: జిల్లాల సంఖ్య పెరిగి మళ్లీ తగ్గిన రాష్ట్రం?

జ: రాజస్థాన్. 2023లో 50కి పెంచారు. 2024 డిసెంబర్‌లో తర్వాతి ప్రభుత్వం 9 జిల్లాలను రద్దుచేయడంతో 41 అయ్యాయి.

ప్ర: వరంగల్ అర్బన్ జిల్లా ఇప్పటి పేరు?

జ: హనుమకొండ. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. కాకతీయుల కోట ఉన్న ఖిలా వరంగల్ మండలం వరంగల్ జిల్లాలోకి వచ్చింది, కాజీపేట హనుమకొండలో ఉంది. అర్బన్ పోయి ఉత్త వరంగల్ మిగిలిందనుకుంటే తప్పు, ఇప్పుడు వరంగల్ అంటే ఒకప్పటి రూరల్.