బస్తాలో తడి

బరంపురంలో నా క్లినిక్‌కి పర్లాకిమిడి నుంచి వచ్చేవాళ్లు తెల్లవారకముందే ఇంట్లో బయలుదేరతారు. జూన్‌లో ఒక సోమవారం అప్పారావు గారు కూడా అలాగే వచ్చారు, భార్య సత్యవతి గారిని వెంటబెట్టుకుని. వయసు 51. గజపతి జిల్లా కొండ ఊళ్లలో జీడిపిక్కలు కొని పలాసకు పంపే వ్యాపారం. గోడౌన్ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మార్చి నుంచే ఇంట్లో చెబుతున్నారట. సీజన్ కదా, పిక్కలు దిగిపోయాక చూద్దాంలే అని వాయిదా వేశారు. ఆయన ఒప్పుకున్నాకే, పేర్లు మార్చి, ఆ రోజు మేం మాట్లాడుకున్నది రాస్తున్నాను. ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు, రక్త పరీక్షలు అన్నీ అయ్యాక రిపోర్టులు ముందు పెట్టుకుని కూర్చున్నాం.

"డాక్టరమ్మా, ముందు ఒక్క ముక్క చెప్పండి. బ్లాకులున్నాయా?"

"ట్రెడ్‌మిల్ మీద తొమ్మిది నిమిషాలు నడిచారు. ఈసీజీలో తేడా ఏమీ రాలేదు. ప్రస్తుతానికి స్టెంటు, ఆపరేషన్ అన్న మాటే లేదు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలారు. సత్యవతి గారు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. ఇక్కడితో లేచి వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు మాత్రం అసలు మాట ఇప్పుడే మొదలవుతుంది.

"మరి ఆయాసం ఎందుకొస్తోందో చెప్తాను, వినండి. ఎకోలో మీ గుండె గోడ మందం 12 మిల్లీమీటర్లుంది. మగవాళ్లకి 10 దాటకూడదు. బీపీ 148/94. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకి లక్ష సార్లు అవుతుంది. లక్ష సార్లూ ఎక్కువ ఒత్తిడి మీద రక్తాన్ని నెట్టాలి. బస్తాలు మోసే హమాలీ భుజం కండ కట్టినట్టు గుండె గోడ కూడా కండ కట్టింది. భుజానికైతే అది బలం. గుండెకి మాత్రం బిగువు. గోడ బిగుసుకుంటే రక్తం సాఫీగా నిండదు, ఆ ఒత్తిడి వెనక ఊపిరితిత్తుల మీద పడుతుంది. మెట్ల మీద మీకు తెలుస్తున్నది అదే. దానికి మీ బరువు తోడైంది."

"మందు రాసెయ్యండమ్మా, వేసుకుంటాను."

"రాస్తాను. దాంతోపాటు ఆరు కిలోలు తగ్గాలి."

ఆయన భార్య వైపు చూసి నవ్వారు. "84 ఉన్నవాణ్ణి 78 అయితే ఏం తేడా పడుతుందమ్మా? ఎవరి కంటికీ ఆనదు. తగ్గితే ఇరవై తగ్గాలి. అది నా వల్ల కాదు. మరి ఈ ఆరు కోసం తిండి మానడం ఎందుకు?"

ఈ మాట నేను వారానికి పదిసార్లు వింటాను. పేపరు మీద అంకెలు చూపిస్తే ఎవరూ నమ్మరు. అందుకని ఆయన వ్యాపారంలోకే వెళ్లాను.

"మీ పిక్కల బస్తా ఎంత బరువుంటుంది?"

"80 కిలోలు."

"ఆ 80లో ఐదారు కిలోలు తడి ఉంటే కొంటారా?"

"ఎలా కొంటానమ్మా! అరచేతిలో పోసుకోగానే తెలిసిపోతుంది. మళ్లీ ఎండబెట్టాల్సిందే. లేకపోతే లోపల బూజు పడుతుంది, పప్పు రంగు మారుతుంది. ఆ ఒక్కటీ కాదు, పక్క బస్తాలూ పాడవుతాయి."

"ఐదారు కిలోలే కదా?"

ఆయన కాసేపు ఏమీ అనలేదు.

"మీ ఒంట్లో కూడా అంతే, అప్పారావు గారూ. 84 కిలోలూ చెడ్డవి కావు. మీ నడుము కొలత 102 సెంటీమీటర్లుంది. మన దేశంలో మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడమంటాం, ఆడవాళ్లకి 80 దాటితే. చర్మం కింద చేతికి దొరికే కొవ్వు కన్నా పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ఎక్కువ చేటు చేస్తుంది. అది ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు. దాన్నుంచి కొవ్వు ఆమ్లాలు తిన్నగా కాలేయానికి పోతాయి. ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. మీవి చూడండి. ట్రైగ్లిజరైడ్స్ 238, మంచి కొలెస్ట్రాల్ 34, పరగడుపు షుగర్ 114. ఇంకా షుగర్ జబ్బు రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. బరువు తగ్గడం మొదలైతే కాలేయంలో కొవ్వు తొందరగానే కరుగుతుంది. మొదటి కిలోలకి అంత విలువ అందుకే."

"ఆరు తగ్గితే బీపీ ఎంత తగ్గుద్ది?"

"సగటున కిలోకి ఒక పాయింటు లెక్క. పై అంకెలో ఆరు పాయింట్లు అనుకోండి. ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకొంచెం. షుగర్ సంగతి ఇంకా బాగుంటుంది. మీలా గుమ్మంలో ఉన్నవాళ్ల మీద అమెరికాలో పెద్ద అధ్యయనం చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లకి పెట్టిన లక్ష్యం ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. మామూలు సలహా, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లతో పోలిస్తే మూడేళ్లలో షుగర్ జబ్బు వచ్చినవాళ్లు 58 శాతం తక్కువ. మీ 84లో 7 శాతం ఎంత?"

ఆయన నోటి లెక్క నాకంటే చురుకు. "ఐదు కిలోల ఎనిమిది వందల ఎనభై గ్రాములు."

"అందుకే ఆరు అన్నాను."

అప్పుడాయన గొంతు తగ్గించి, ఇంటినుంచి మోసుకొచ్చిన ప్రశ్న బయటపెట్టారు. "మా అన్నయ్య సన్నగా రివటలా ఉండేవాడమ్మా. 56 ఏళ్లకే హార్ట్ ఎటాక్‌తో పోయాడు. సన్నగా ఉండి ఆయన బాగుపడిందేముంది?"

సత్యవతి గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ ప్రశ్నను దాటేయకూడదు. "అన్నయ్యగారికి చుట్ట, సిగరెట్ ఉండేవా?"

"రోజుకి రెండు పెట్టెలు."

"పొగ ఒక్కటి చాలు. షుగర్, కొలెస్ట్రాల్ ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"లేదమ్మా."

"బరువు ఒక్కటే కారణమని నేను చెప్పను. సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది. కానీ అన్నకి ముందే వచ్చిందంటే మీ రక్తంలో కూడా కొంత ఉందేమో. అది మార్చలేం. మార్చగలిగినవి పొగ, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, బరువు. మీకు పొగ అలవాటు లేదు. మిగిలిన నాలుగింటిలో మూడు నడుముకే ముడిపడి ఉన్నాయి."

"అయితే బరువు తగ్గితే మాత్రలు మానేయొచ్చా?"

"మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. బరువు తగ్గే కొద్దీ బీపీ బాగా దిగి, లేచినప్పుడు కళ్లు తిరిగితే నాకు చెప్పండి, డోసు నేను తగ్గిస్తాను. కొలెస్ట్రాల్ మాత్ర వేరు. చెడ్డ కొలెస్ట్రాల్ బరువుతో పెద్దగా తగ్గదు, కాబట్టి అది ఉంటుంది."

ఇక తిండి. ఇక్కడ నిజం చెప్పేది ఎప్పుడూ భార్యే. సత్యవతి గారు వరసగా చెప్పుకొచ్చారు: పొద్దున్న చద్దన్నం, ఎండుచేప, ఆవకాయ. కొట్లో ఐదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. సాయంత్రం మినప్పిండి బరా, బఠాణీల గుగుని. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ కంచం నిండా అన్నం. నలుగురికి నెలకి ఐదు లీటర్ల నూనె.

"ఇంకొకటి చెప్పలేదమ్మా ఈయన. కొట్లో గల్లాపెట్టె పక్కన పప్పు ముక్కల డబ్బా ఉంటుంది. వచ్చినవాళ్లకని పెడతారు, తినేది ఈయనే."

"అది సరుకు రుచి చూడటం..." అని ఆగిపోయారు అప్పారావు గారు.

"జీడిపప్పు చెడ్డది కాదండీ. కానీ 100 గ్రాముల్లో 550 క్యాలరీల పైనే ఉంటాయి. మూడు గుప్పెళ్లంటే దాదాపు అంతే. ఐదు టీల్లో పది చెంచాల పంచదార, 50 గ్రాములు, ఇంకో 200. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు తగ్గాలి. నేను మీ చద్దన్నం మాన్పించను. ఉప్పు చిటికెడు వేసుకోండి. ఎండుచేప, ఆవకాయ రెండూ కాకుండా ఒకటి, అది కూడా వారానికి రెండు రోజులు. రోజు మొత్తం మీద ఉప్పు ఒక చిన్న చెంచా, 5 గ్రాములు దాటకూడదు. డబ్బా లోపలికి పంపెయ్యండి. పొద్దున్నే ఒక్క గుప్పెడు లెక్కపెట్టి తినండి. టీలు రెండు, పంచదార లేకుండా. రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, ఆకుకూర ఎక్కువ వేసుకోండి. పప్పు, కూరగాయలు కలిపి దాల్మా వండుతారు కదా మీ ఇంట్లో? అదే పెట్టండమ్మా, పైన తాలింపు నూనె తగ్గించి. నూనె మనిషికి నెలకి అర లీటరు, నలుగురికి రెండు లీటర్లు చాలు."

ఐదు నుంచి రెండు. సత్యవతి గారు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "మూడుతో మొదలెడతానమ్మా" అన్నారు. సరే అన్నాను. మూడు లీటర్లు నిజంగా వాడే ఇల్లు, రెండని మాటిచ్చి ఐదు వాడే ఇంటికన్నా నాకు నయం.

"నడక ఎక్కడ?"

"మహేంద్రతనయ ఒడ్డుకి పోవచ్చు. వానాకాలం బురద."

"బురదైన రోజు రైల్వే స్టేషన్ దాకా వెళ్లి రండి. మొదటి వారం 15 నిమిషాలు, తర్వాత 30, వారానికి ఐదు రోజులు. మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగం అంత. ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు ఉండి, చెయ్యి, దవడ లాగి, చెమటలు పడితే నడక ఆపి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు."

"గురక సంగతి కూడా అడుగుదామనుకున్నానమ్మా," అన్నారు సత్యవతి గారు. "మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంది. నాకు నిద్ర పట్టదు, భయమేసి."

అది నేనే ముందు అడగాల్సింది. నిద్ర పరీక్ష కూడా రాశాను. మెడ చుట్టూ కొవ్వు తగ్గితే గురక చాలామందికి తగ్గుతుందని, ఊపిరి ఆగే జబ్బు బీపీని కూడా పెంచుతుందని చెప్పాను. నెలకి ఒకటిన్నర కిలో చొప్పున పోతే దసరా నాటికి ఆరు కిలోలు అవుతాయి, వెనకబడితే దీపావళి.

"ఒకవేళ మూడే తగ్గితే?"

"మూడు తగ్గినా మూడు కిలోల లాభం ఉంటుంది. రండి, చూద్దాం. మానేసి రాకుండా ఉండకండి, అంతే."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, ఇంట్లో బరువు చూసే మిషన్ లేదు, కొనాలా అని అడిగారు.

"కొట్లో కాటా ఉంది కదండీ."

"బస్తాల కాటా అమ్మా అది."

"యాభై గ్రాములు తేడా వచ్చినా మీరు ఒప్పుకోరు కదా దాని మీద. ప్రతి సోమవారం పొద్దున్న, టీ తాగకముందు, చెప్పులు విప్పి ఎక్కండి. అంకె గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. వచ్చేటప్పుడు ఆ క్యాలెండరే తెండి, వేరే కాగితం వద్దు."

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఈ రోజు సోమవారమే కదా?"

"అవును."

"అయితే 84 నుంచే మొదలు," అని సత్యవతి గారి దగ్గర పెన్ను అడిగి, చీటీ వెనక తేదీ వేసి రాసుకున్నారు.